తప్పు చేసిన జీవిత భాగస్వామిని నిజమైన క్షమాపణ చెప్పమని అడగడం, ఎంతైతే చాలో చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులన్నీ ఒకే ఉదాహరణ చుట్టూ తిరుగుతాయి కాబట్టి ముందుగా అది చెప్పుకుందాం. పెళ్లై పదకొండేళ్లయిన ఒక జంట. శ్రావణ మాసంలో చుట్టాల పెళ్లికి బయలుదేరుతూ భార్య బీరువాలోంచి ఎర్ర వెల్వెట్ పెట్టె తీసింది. మూత తెరవకముందే, చేతికి తగిలిన తేలికదనంతోనే అందులో ఏమీ లేదని ఆమెకు తెలిసిపోయింది. పుట్టింటివారు పెట్టిన ఆరు కాసుల హారం, అంటే 48 గ్రాముల బంగారం, నాలుగు నెలల కిందటే తాకట్టుకు వెళ్లింది. తమ్ముడి వ్యాపారం కోసం భర్త దాని మీద 2 లక్షల రూపాయలు తెచ్చాడు. ఈ సంగతి అత్తగారికి తెలుసు, మరిదికి తెలుసు, ఆమెకు తప్ప అందరికీ తెలుసు. నిలదీస్తే, "సారీ, చెబుదామనే అనుకున్నాను, విడిపించేస్తాలే" అన్నాడు. ఆ రాత్రి నుంచి ఇద్దరి మధ్యా అవసరమైన మాటలు తప్ప వేరే మాటలు లేవు.

సారీ చెప్పేశారు కదా, అయినా మనసు ఎందుకు కుదుటపడటం లేదు?

ఆ వాక్యాన్ని ఒకసారి విడదీసి చూడండి. "సారీ" అన్నది దేనికో అందులో లేదు. "చెబుదామనే అనుకున్నాను" అన్నది సంజాయిషీ. "విడిపించేస్తాలే" అన్నది గడువు లేని హామీ. తాను ఏం చేశాడో, అది ఎవరికి ఎలా తగిలిందో ఆయన నోటి నుంచి రాలేదు.

క్షమాపణలో ఏ భాగానికి ఎంత బలం ఉంటుందన్న విషయం మీద అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ లెవికీ బృందం 2016లో ఒక అధ్యయనం ప్రచురించింది. విచారం తెలపడం, కారణం వివరించడం, బాధ్యత ఒప్పుకోవడం, మళ్లీ చేయనని చెప్పడం, నష్టాన్ని సరిచేస్తాననడం, క్షమించమని అడగడం అనే ఆరు భాగాలను వారు పోల్చి చూశారు. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది బాధ్యత ఒప్పుకోవడం, దాని తర్వాతది సరిచేస్తాననడం. అన్నిటికంటే తక్కువ పనిచేసింది "నన్ను క్షమించు" అనే అభ్యర్థన. వారు పరిశీలించినవి ఎక్కువగా ఉద్యోగ వ్యవహారాల సందర్భాలు కాబట్టి దాంపత్యానికి దాన్ని యథాతథంగా వర్తింపజేయలేము. అయినా మన ఇళ్లలో తరచుగా వినిపించే క్షమాపణలో ఉండేది విచారమూ సంజాయిషీయే గనుక, మనసు ఎందుకు కుదుటపడటం లేదో ఆ వరుస కొంతవరకు చెబుతుంది.

"తప్పయింది" అన్నారు. అది ఒప్పుకున్నట్టు కాదా?

తెలుగులో ఈ తేడా చాలా స్పష్టంగా వినిపిస్తుంది, అందుకే దాని దగ్గర కాసేపు ఆగాలి. "తప్పయింది" అనే మాటలో తప్పు దానంతటదే అయింది. చేసినవాడు అందులో లేడు. "ఏదో అలా జరిగిపోయింది", "అయిందేదో అయింది" అన్నవీ ఈ కోవలోవే. "తప్పు చేశాను" అన్నప్పుడు మాత్రమే కర్త వాక్యంలోకి వస్తాడు. "పొరపాటు" అన్న మాట కూడా అలాంటిదే. తాళం వేయడం మరచిపోవడం పొరపాటు కావచ్చు గాని, హారం పట్టుకుని దుకాణం దాకా వెళ్లి, తూకం వేయించి, సంతకం పెట్టి, నాలుగు నెలలు మౌనంగా ఉండటం పొరపాటు కాదు.

"నీకు బాధ కలిగి ఉంటే సారీ" అన్నది ఇంకొక రకం. ఆ "ఉంటే" అనే రెండక్షరాలు, బాధ ఉందో లేదో తేల్చే పనిని మళ్లీ మీ మీదే పెడతాయి.

అయితే ఒక మాట. కొన్ని ప్రాంతాలలో, కొన్ని ఇళ్లలో "తప్పైపోయింది" అన్నదే పూర్తి మనసుతో చెప్పే క్షమాపణ. చిన్నప్పటి నుంచీ వారు విన్నది ఆ రూపమే. కాబట్టి వ్యాకరణం పట్టుకుని కోర్టులో వకీలులా ప్రశ్నించవద్దు. "ఏం తప్పయిందో మీ మాటల్లో చెప్పండి" అని అడిగితే చాలు. జవాబులో హారం, తమ్ముడు, నాలుగు నెలల మౌనం వస్తే ఆ క్షమాపణ నిజమైనదే.

అడగడానికి ముందు నేను ఏం తేల్చుకోవాలి?

గాయం ఎక్కడ తగిలిందో తేల్చుకోవాలి. ఇది తేలికైన పనిలా కనిపిస్తుంది గాని కాదు. మన ఉదాహరణలో ఆమె మొదటి రెండు రోజులూ బంగారం పోయిందనే బాధపడింది. మూడో రోజు ఆలోచిస్తే, హారం తాకట్టు పెట్టాల్సి వచ్చిందని భర్త ముందే చెప్పి ఉంటే తానే తీసి ఇచ్చేదాన్నని ఆమెకు తోచింది. అంటే నొప్పి బంగారం దగ్గర లేదు. ఆషాఢంలో అత్తగారు "హారం వేసుకోవడం లేదేమ్మా ఈ మధ్య" అని అడిగిన రోజు, సమాధానం ముందే తెలిసిన మనిషి తనను అలా అడిగిందన్న సంగతి దగ్గర ఉంది. ఇంట్లో అందరికీ తెలిసిన విషయం తెలియని మనిషిగా నాలుగు నెలలు తిరగడం దగ్గర ఉంది.

ఇది తేలకుండా అడిగితే ఏం జరుగుతుందంటే, భర్త హారం విడిపించి తెచ్చి చేతిలో పెడతాడు, ఆమె కోపం అలాగే ఉంటుంది, "తెచ్చాను కదా, ఇంకేం కావాలి" అని అతను విసుక్కుంటాడు, ఆ విసుగులో అతని తప్పు కూడా ఏమీ ఉండదు. కాబట్టి ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసుకోండి: ఆయన చేసిన పని ఏమిటి, దానివల్ల నాకు ఏమైంది, అందులో ఏ భాగం గుర్తొస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు. మూడో వాక్యమే అసలైనది. "మీరెప్పుడూ ఇంతే", "మీ ఇంటివాళ్లంతా ఒకటే" వంటివి ఆ కాగితంలో ఉంటే కొట్టివేయండి. వాటికి ఎవరూ క్షమాపణ చెప్పలేరు.

వెంటనే అడగాలా, కొన్నాళ్లు ఆగాలా?

కోపంలో గుండె దడదడలాడుతున్నప్పుడు ఎదుటివారి మాట చెవికెక్కదు. దంపతుల గొడవలను దశాబ్దాల పాటు పరిశీలించిన జాన్ గాట్‌మన్ అలాంటప్పుడు కనీసం 20 నిమిషాలు విడిగా ఉండి, ఆ సమయంలో గొడవను నెమరువేయకుండా ఉండాలని సూచిస్తారు. నా లెక్కలో ఇంత పెద్ద విషయానికి ఇరవై నిమిషాలు చాలవు, రెండు మూడు రోజులు పట్టినా తప్పు లేదు.

ఆగడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2005లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో సింథియా ఫ్రాంట్జ్, కోర్ట్‌నీ బెనిగ్సన్ గమనించినదేమిటంటే, గొడవ కాగానే వచ్చే క్షమాపణ కంటే, బాధపడినవారు తమ గోడు చెప్పుకుని, ఎదుటివారికి అది అర్థమైందని అనిపించిన తర్వాత వచ్చే క్షమాపణే ఎక్కువ తృప్తినిస్తుంది. వినకముందే చెప్పిన సారీ నోరు మూయించడానికి చెప్పినట్టే ఉంటుంది కదా.

ఇక సమయం, చోటు సంగతికి వస్తే, పిల్లలు పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి, ముందే చెప్పి కూర్చోవాలి. "శనివారం రాత్రి హారం గురించి ఒక అరగంట మాట్లాడాలి" అని గురువారమే చెబితే అతను కూడా సిద్ధపడతాడు. ఆఫీసుకు బయలుదేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నప్పుడు మొదలుపెట్టిన మాటకు ఏ క్షమాపణా రాదు.

ఏ మాటలతో మొదలుపెట్టాలి?

మన ఉదాహరణలో ఆమె చెప్పినది దాదాపు ఇలా ఉంది.

"ఏవండీ, నేను దెబ్బలాడటానికి కూర్చోలేదు. మీరు నా హారం నాకు చెప్పకుండా తాకట్టు పెట్టారు. నాలుగు నెలలు నా ఎదురుగా తిరుగుతూ చెప్పలేదు. అత్తయ్యకు తెలిసిన విషయం నాకు తెలియలేదు, ఈ ఇంట్లో నేను అద్దెకున్నదాన్నా అనిపించింది. మీరు ఆ రోజు సారీ అన్నారు, అది దేనికో నాకు అర్థం కాలేదు. దేనికో మీ నోటితో వినాలనుంది."

అతను మొదట, "తమ్ముడు ఇబ్బందిలో ఉన్నాడు, నీకు చెబితే ఒప్పుకోవేమోనని భయపడ్డాను" అన్నాడు. ఆమె దాన్ని కొట్టిపారేయలేదు. "మీ భయం నాకు అర్థమైంది. నేను అడిగింది ఎందుకు చేశారని కాదు, ఏం చేశారని" అంది. చాలా సంభాషణలు ఈ మలుపు దగ్గరే దారి తప్పుతాయి. కారణం వినగానే ఆ కారణం సరైనదా కాదా అనే వాదన మొదలై, తమ్ముడి వ్యాపారం మీదకు, అక్కడి నుంచి పెళ్లినాటి పెట్టుపోతల మీదకు వెళ్లిపోతుంది. కారణాన్ని విని పక్కన పెట్టి, అడిగినదాన్నే మళ్లీ అడగాలి.

"ఎంతైతే చాలు" అన్నది ఎలా చెప్పాలి?

చాలామంది ఈ మాట చెప్పరు. "ఆయనకే తెలియాలి" అనుకుంటారు. తెలియదు. అతను తనకు తోచినది చేస్తాడు, చీర తెస్తాడు, హోటల్‌కు తీసుకెళ్తాడు, అవి ఏవీ చాలనప్పుడు ఇక ఏం చేసినా చాలదని నిర్ణయించుకుని మానేస్తాడు.

చాలు అని చెప్పే షరతుకు మూడు లక్షణాలు ఉండాలి. అది అతను చేయగలిగినదై ఉండాలి. జరిగిందో లేదో ఇద్దరికీ ఒకేలా కనిపించాలి. దానికి ఒక తేదీ ఉండాలి. "ఇకనుంచి నాకు గౌరవం ఇవ్వాలి" అన్నది న్యాయమైన కోరికే గాని, అది ఏ రోజున నెరవేరినట్టు? "పదివేలు దాటిన అప్పు, చేబదులు, హామీ సంతకం ఏదైనా ముందు రోజు నాకు చెప్పాలి" అన్నది కంటికి కనిపిస్తుంది.

ఆమె నాలుగు విషయాలు చెప్పింది. మొదటిది, ఏం చేశాడో అతనే తన మాటల్లో ఒకసారి చెప్పాలి. రెండోది, తాకట్టు రసీదు ఆమె దగ్గర ఉండాలి, అప్పు గడువు తేదీ ఆమెకు తెలియాలి. ఇది అనుమానంతో అడిగినది కాదు. బంగారు రుణం గడువు దాటితే, నోటీసు తర్వాత, నగను వేలం వేసే హక్కు ఇచ్చినవారికి ఉంటుంది. ఆ నోటీసు రుణం ఎవరి పేరున ఉందో వారికే వస్తుంది. మూడోది, ఉగాదిలోపు హారం ఇంటికి రావాలి. ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకున్నారు. మరిది దసరాకు లక్ష తిరిగి ఇస్తానన్నాడు, మిగిలిన లక్షకు వడ్డీతో కలిపి నెలకు 16,000 చొప్పున ఏడు నెలలు కడితే సరిపోతుంది. నాలుగోది, పదివేలు దాటిన లావాదేవీల సంగతి.

దీనికి తోడు, తన వైపు నుంచి ఏం ఇస్తుందో కూడా చెప్పింది. "ఇవి జరిగితే ఈ విషయాన్ని వేరే గొడవలో మళ్లీ ఎత్తను, మీ తమ్ముడి ముందు దెప్పను. మనసులో నొప్పి ఆ రోజుతో పోతుందని మాత్రం మాట ఇవ్వలేను." ఈ చివరి వాక్యం ముఖ్యం. చాలు అనడం అంటే అడగడం ముగిసిందని అర్థం, నొప్పి ముగిసిందని కాదు. రెండిటినీ కలిపి చెబితే, మూడు నెలల తర్వాత ఆమె కళ్లలో నీళ్లు చూసి "చాలన్నావు కదా" అని అతను అనే అవకాశం ఉంది.

అత్తగారి ముందు, మరిది ముందు కూడా చెప్పమనడం న్యాయమేనా?

అవమానం ఎంతమంది ఎదుట జరిగిందో, దిద్దుబాటు కూడా అంతమందికి తెలియాలని కోరడం న్యాయమే. తెలిసినవారు ఇద్దరు కాబట్టి ఆ ఇద్దరికి తెలిస్తే చాలు. వియ్యంకులను, బాబాయిలను పిలవనక్కరలేదు. ఆమె కోరినది పంచాయితీ కాదు, ఒక్క వాక్యం. ఆదివారం కాఫీ వేళ అతను తల్లితో, తమ్ముడితో, "హారం సంగతి ఆమెకు చెప్పకుండా చేయడం నా తప్పు, ఇకమీదట అలాంటివి ముందు ఆమెకే చెబుతాను" అన్నాడు. అత్తగారు ఏమీ అనలేదు, కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లారు. ఆమెకు అదే చాలింది.

శిక్షకూ దిద్దుబాటుకూ ఇక్కడే తేడా తెలుస్తుంది. అతను లెంపలు వేసుకోవడం, చుట్టాల వాట్సాప్ గ్రూపులో క్షమాపణ పెట్టడం వంటివి చూసేవారికి తృప్తినిస్తాయి గాని, నాలుగు నెలల మౌనంలో పోయినదాన్ని తిరిగి ఇవ్వవు. పైగా ఆ అవమానం అతని లెక్కలో మరొక బాకీగా నమోదవుతుంది.

అడిగి తెప్పించుకున్న క్షమాపణకు విలువేముంటుంది?

అడగకుండా వస్తే బాగుండేదన్నది నిజమే. కానీ అడగడానికీ అప్పజెప్పించుకోవడానికీ తేడా ఉంది. "నేను తప్పు చేశాను అని అనండి" అని వాక్యం నోటికందిస్తే అది పాఠం. "నాకు ఏమైందో విన్నారు కదా, మీకు ఏమనిపిస్తోంది" అని అడిగి ఆగితే, ఆ తర్వాత వచ్చేది అతని సొంతం. ఆ ఆగడం కష్టం. నిశ్శబ్దం ఒక నిమిషం దాటితే మనమే ఏదో ఒకటి మాట్లాడేసి అతన్ని ఒడ్డెక్కిస్తాం. ఒడ్డెక్కించవద్దు.

అడిగితే "కాళ్లు పట్టుకోమంటావా" అంటున్నారు. ఏం చేయాలి?

ఆ మాటకు "అక్కర్లేదు" అన్నదే జవాబు, దాని వెంటనే మీకు కావలసినది మళ్లీ చెప్పండి. పెద్దదిగా చేసి చూపితే చిన్న కోరిక కూడా అన్యాయంగా కనిపిస్తుందని ఆ మాట అనేవారికి తెలియకుండానే తెలుసు. క్షమాపణ చెప్పకుండా ఉండటంలో కూడా ఒక సుఖం ఉంటుందని 2013లో ఆస్ట్రేలియాలోని పరిశోధకులు చూపించారు: నిరాకరించినవారికి తమ మీద తమకు గౌరవం, పట్టు పెరిగినట్టు అనిపించిందట. మొండితనం అంత తొందరగా ఎందుకు దిగదో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు.

అతనికి అది తప్పుగానే తోచకపోవడం వేరు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో కరీనా షూమన్, మైకేల్ రాస్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పురుషులు తక్కువగా క్షమాపణలు చెప్పడానికి కారణం అహంకారం కంటే, ఏది క్షమాపణ చెప్పవలసినంత తప్పు అనే కొలత వేరుగా ఉండటమేనని తేలింది. తప్పని అనుకున్నవాటికి స్త్రీలూ పురుషులూ దాదాపు సమానంగానే చెప్పారు. అలాంటప్పుడు క్షమాపణ కంటే ముందు కొలత గురించి మాట్లాడాలి. "మీ జీతం ఖాతాలోంచి మీకు చెప్పకుండా నేను మా తమ్ముడికి 2 లక్షలు ఇచ్చి, నాలుగు నెలలు దాచి ఉంటే?" అని అడగవచ్చు.

ఇవి రెండూ కాక మూడోది ఉంది. ముందు జరగలేదంటారు, తర్వాత మీ గుణం మీద పడతారు, చివరికి తామే బాధితులమంటారు. "నేనెక్కడ పెట్టాను, నీకు డబ్బు పిచ్చి, నీ వల్లే నాకు మనశ్శాంతి లేదు." ఒకసారి జరిగితే కోపమనుకోవచ్చు. అడిగిన ప్రతిసారీ మీరే క్షమాపణ చెప్పి లేస్తున్నారంటే, అక్కడ సమస్య మీరు ఎంచుకున్న మాటల్లో లేదు.

క్షమాపణ అడగడమే సరికాని సందర్భం ఉందా?

ఉంది. కొట్టడం, బెదిరించడం, డబ్బు అందకుండా కట్టడి చేయడం ఉన్నచోట పై జవాబులేవీ వర్తించవు. అక్కడ మొదటి పని భద్రత. మహిళల సహాయ నంబరు 181. 2005 నాటి గృహ హింస నిరోధక చట్టం ఆర్థిక వేధింపును కూడా హింసగానే చూస్తుంది, స్త్రీధనాన్ని ఆమెకు తెలియకుండా చెల్లాచెదురు చేయడం కూడా దాని పరిధిలోకి రావచ్చు. స్త్రీధనం పూర్తిగా ఆమె ఆస్తేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కష్టకాలంలో భర్త దాన్ని వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన నైతిక బాధ్యత అతనిదేనని 2024లో మళ్లీ స్పష్టం చేసింది. మన ఉదాహరణలోని ఆమె చట్టం ఊసెత్తలేదు, ఎత్తవలసిన అవసరం రాలేదు. అయినా "నా హారం" అన్నప్పుడు ఆ "నా" అన్న మాట వెనుక చట్టం ఉందని తెలిసి ఉండటం మంచిదే.

బాధపడినది భర్త అయితే?

పద్ధతి మారదు, అడ్డంకి మారుతుంది. భార్య తన అక్కచెల్లెళ్ల ముందు అతని జీతాన్ని ఎగతాళి చేస్తే, "మగవాడివి, అంతమాత్రానికే బాధా" అనే మాట బయటివారి కంటే ముందు అతని లోపలి నుంచే వస్తుంది. అందువల్ల అతను క్షమాపణ అడగకుండా మౌనంగా ఉంటాడు, లేదా వారం తర్వాత కూరలో ఉప్పు గురించి అరుస్తాడు. ఆ మూడు వాక్యాల కాగితం అతనికే ఎక్కువ అవసరం.

పెద్దల్లో పెట్టవచ్చా?

ఇద్దరూ ఒప్పుకున్న ఒక్క మనిషి అయితే పెట్టవచ్చు. పదిమంది పెద్దలు కూర్చుంటే సాధారణంగా తేలేది "సర్దుకుపోండి" అన్న తీర్పే. అందులో ఎవరు ఏం చేశారన్న మాట ఉండదు. కుటుంబ కౌన్సెలర్ దగ్గరకు వెళ్లగలిగితే అది మేలు.

ఒప్పుకున్న గడువు దాటిపోతే?

గడువుకు నెల ముందే అడగండి, దాటాక కాదు. మన ఉదాహరణలో మరిది దసరాకు లక్షకు బదులు 60,000 మాత్రమే ఇచ్చాడు. పాత అలవాటైతే భర్త ఆ విషయాన్ని సంక్రాంతి దాకా దాచేవాడు. ఈసారి ఆ రాత్రే వచ్చి, "నలభై తగ్గింది, ఉగాదికి కష్టం, మేలో విడిపిద్దాం" అన్నాడు. తేదీ జారినందుకు ఆమెకు కోపం రాకపోలేదు. కానీ రసీదు వెనుక పెన్సిలుతో రాసుకున్న "ఉగాది" మీద గీత కొట్టి "మే 20" అని రాసింది. హారం మే 17న వచ్చింది. దుకాణంలో తూకం వేసినప్పుడు అతను ఆమెను కూడా వెంట తీసుకెళ్లాడు; 48 గ్రాములు సరిగ్గా ఉన్నాయో లేదో ముల్లును ఇద్దరూ చూశారు.